కర్రీ పాయింట్ లాభం ఎటు పోయింది?

"సందుకో కర్రీ పాయింట్ ఉంది, అయినా రేటు దిగదేంటి? అందరూ కూడబలుక్కుని దోచేస్తున్నారు" అని హైదరాబాదులో మన ఐటీ జనం అనుకోవడం మామూలే. నాకైతే అక్కడ దోపిడీ కనబడదు. అసలు మిగులే కనబడదు. ఎలాగో లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే.

సందులో మొదటి కొట్టు. అద్దె, వంటమనిషి జీతం, ఓనరు బయట ఉద్యోగం చేస్తే వచ్చే జీతం, అన్నీ కలిపి రోజుకి 2000 రూపాయల స్థిర ఖర్చు. ప్యాకెట్ కి సరుకుల ఖర్చు 20. రేటు 50 పెడితే 150 ప్యాకెట్లు పోతాయి. రూపాయి పెంచితే ఐదుగురు తగ్గుతారు, తగ్గిస్తే ఐదుగురు పెరుగుతారు. ఆ గోంగూర రుచి మరిగినవాళ్ళు రేటు పెరగ్గానే మానేయరు కదా, అదే ఆయన చిన్నపాటి గుత్తాధిపత్యం. 50 దగ్గర రోజుకి 2500 మిగులుతుంది. 49 పెట్టినా, 51 పెట్టినా 2495 మాత్రమే. ఇది స్వల్పకాలం.

ఈ మిగులు చూసి పక్కన ఇంకో కొట్టు, ఎదురుగా మరోటి వెలుస్తాయి. గిరాకీ చీలుతుంది. ఇప్పుడు 40 కి అమ్మినా 100 ప్యాకెట్లే పోతున్నాయి. రాబడి 4000, ఖర్చు 4000. మిగులు సున్నా. రూపాయికి ఐదుగురి తేడా అలాగే ఉందనుకుంటే, 45 పెడితే 75 పోయి 125 నష్టం, 35 పెడితే 125 పోయి మళ్ళీ 125 నష్టమే! గ్రాఫ్ లో డిమాండ్ గీత సగటు ఖర్చు వక్రాన్ని ఒక్క చోట తాకి వెళ్ళిపోతుంది. దీర్ఘకాలం అంటే ఆ చుక్క. ఎడ్వర్డ్ ఛాంబర్లిన్ 1933లో తన పుస్తకంలో వివరించింది ఈ స్థితినే.

ఇక్కడ అసలు తిరకాసు ఉంది. 150 ప్యాకెట్లు వండినప్పుడు ఒక్కోటి 33 రూపాయల చిల్లరకే తయారయ్యేది. ఇప్పుడు 40 పడుతోంది. గిన్నెలు, వంటమనిషి సగం ఖాళీ. పోటీ వల్ల లాభం పోయింది గానీ, ఖర్చు అడుగుకి దిగలేదు. ఇది వృథా అనేవాళ్ళున్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ తేడా ఇంటి దగ్గర్లో కొట్టు ఉన్నందుకూ, నాలుగు రకాల రుచులు దొరుకుతున్నందుకూ మనం కట్టే రుసుం. సందులో ఒకే పెద్ద వంటశాల ఉంటే ఖర్చు తగ్గొచ్చు, కానీ రేటు తగ్గిస్తాడని ఎవరు హామీ?

ఉద్యోగం మానేసి కొట్టు పెడదామనుకునే మిత్రులకి ఒక మాట. ఈరోజు కిటకిటలాడే కొట్టుని చూసి లెక్కలు వేసుకోకండి, అది స్వల్పకాలం బొమ్మ. పక్కన మూడు కొట్లు వచ్చాక మీ జీతమైనా గిట్టుతుందా అని చూసుకోండి. మంచి సెంటరు దొరికింది కదా అంటారా? అగ్రిమెంట్ తిరగరాసేటప్పుడు ఆ మిగులు ఇంటి ఓనరు అద్దెలోకి పోతుంది.

మీరేమంటారు?