తేదీ పక్కన ‘ఎవరు చెప్పారు’ అని రాయండి

లా చదువుతూ లాయర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే మొదటి వారంలోనే ఓ లావుపాటి కట్ట చేతిలో పెట్టి, ‘తేదీల పట్టిక తయారుచెయ్’ అంటారు. సుప్రీంకోర్టుకు వెళ్లే స్పెషల్ లీవ్ పిటిషన్ ముందు ‘సినాప్సిస్ అండ్ లిస్ట్ ఆఫ్ డేట్స్’ ఉండాల్సిందే. కింది కోర్టు కేసుల్లోనూ సీనియర్లు ముందుగా చూసేది దాన్నే. చాలామంది ఏం చేస్తారంటే, ప్లెయింట్ తెరిచి అందులోని తేదీలు వరసగా దించేస్తారు. అది తేదీల పట్టిక కాదు, వాది చెప్పిన కథకు నకలు. నా మటుకు ప్లెయింట్‌ను చివర్లో చదవమంటాను.

ఓ కేసు ఊహించుకుందాం. 2013 మార్చి 12న ఒకాయన ఇంటి స్థలం కొనడానికి అగ్రిమెంట్ రాయించుకున్నాడు. ఎప్పటిలోగా రిజిస్ట్రేషన్ చేయాలో అందులో లేదు. అమ్మేవాడు అడ్డం తిరగడంతో 2017 జూన్ 20న దావా వేశాడు. ఇలాంటి దావాకు లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్ల గడువు. ఒప్పందంలో తేదీ లేనప్పుడు, అవతలివాడు నిరాకరించాడని వాదికి తెలిసిన రోజు నుంచి లెక్క. గడువు దాటితే ప్రతివాది అడగకపోయినా కోర్టే కొట్టేయాలని అదే చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. అంటే కేసు మొత్తం ఒక్క తేదీ మీద నిలబడి ఉంది.

ఆ తేదీ ఏది? ‘2014 జూన్ చివరి వారంలో నిరాకరించారు’ అని ప్లెయింట్. ‘జూన్ 5నే ఉత్తరం రాశాం’ అని రిటన్ స్టేట్‌మెంట్. కట్టలో ఆ ఉత్తరం ఉంది, పైన 5-6-2014 అనే ఉంది. ఇక్కడే ఆగిపోతే దావా 15 రోజులు ఆలస్యం. కానీ దాని వెనక గుచ్చిన పోస్టల్ రసీదు మీద ముద్ర జూన్ 19. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద సంతకం జూన్ 23. వాదికి తెలిసింది 23న అయితే గడువు 2017 జూన్ 23 దాకా ఉంది, దావా మూడు రోజుల ముందే పడింది. అందుకే ఒక ఉత్తరానికి మూడు తేదీలుంటాయి: రాసింది, పంపింది, అందింది. మూడూ మూడు వరసల్లో ఎక్కించాలి. ఒక్కోదాని పక్కన కాగితం పేరు, పేజీ నంబరు, చెప్పింది ఎవరు అన్నది ఉండాలి. మన జిల్లా కోర్టుల్లో వాది కాగితాలకు ఏ-1, ఏ-2 అనీ, ప్రతివాదివి బీ-1, బీ-2 అనీ నంబర్లు వేస్తారు కాబట్టి అవే వాడితే సరిపోతుంది. రెండు పక్షాల తేదీలు కలవకపోతే ఏది నిజమో మీరు తేల్చేయకండి, రెండూ ఉంచండి. ఆ తేడాయే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్న.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అదే కట్టలో వాది తన చేత్తో రాసిన ఉత్తరం ఒకటుంది, 2014 మే 30 నాటిది. ‘మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు ఇప్పట్లో రిజిస్ట్రేషన్ కుదరదన్నారు’ అని అందులో ఒక వాక్యం. ‘మొన్న’ అంటే లెక్క ప్రకారం మే 28. కానీ మనం నాలుగు రోజుల క్రితం జరిగినదాన్నీ మొన్న అనే అంటాం. కాబట్టి ‘మే 28’ అని ఖాయంగా రాయకూడదు. ‘మే 30కి ముందు, బహుశా 28, ఆధారం: వాది ఉత్తరంలో మొన్న అనే మాట’ అని రాయాలి. ఏ రోజైనా సరే, అది నిరాకరణే అయితే మూడేళ్లు 2017 మే నెలాఖరుకే నిండిపోయాయి. వేసవి సెలవుల్లో గడువు తీరితే కోర్టు తెరిచిన రోజున వేసుకోవచ్చని 4వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది గానీ, కోర్టు జూన్ మొదట్లో తెరిచి ఉంటే 20వ తేదీ దాకా అది సాగదు.

మన క్లయింటుకు నష్టం కదా అని ఈ వరసను వదిలేసే జూనియర్లున్నారు. అవతలి లాయర్ దగ్గరా ఆ ఉత్తరం ఉంటుందని మరచిపోతారు. అంతకంటే ఎక్కువమంది చేసే పొరపాటు మరొకటి: ‘ప్రతివాది నిరాకరించెను’ అని తమ మాటల్లో కుదించి రాయడం. ఉత్తరంలో ఉన్నది ‘ఇప్పట్లో కుదరదు’. అది నిరాకరణా, వాయిదానా? వాయిదా అయితే గడువు ఆ రోజు మొదలవదు, లెక్క మళ్లీ జూన్ 23కే వస్తుంది. జూనియర్ తన పట్టికలో ‘నిరాకరించెను’ అని రాసేస్తే, సీనియర్ మూల ఉత్తరం తిరగేయకుండా ఆ మాటనే తన వాదనలోకి ఎత్తుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆ వాక్యాన్ని కొటేషన్లలో, ‘ఇప్పట్లో’తో సహా దించి, పక్కన పేజీ నంబరు వేయాలి. ఆ రోజు ఆ ఇంట్లో ఏ మాటలు నడిచాయో క్లయింటును పిలిచి అడగాల్సింది సీనియర్.