చెప్పని మాట ఎక్కడ ఉంటుంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసిన తరువాత కొన్ని వారాలపాటు టెక్కలి పరిసర గ్రామాలవారికి అర్జీలు వ్రాసిపెట్టడమే నా పనియైపోయింది. అప్పుడు ఇద్దరు అన్నదమ్ములకు కలిపి నేను వ్రాసిన అర్జీలో ఒక వాక్యమిది:

"మా అన్నగారు తన కొబ్బరితోటకు పరిహారం కోరుతున్నారు, నేను కూడా."

క్లుప్తంగా, అందంగా వ్రాశాననుకొన్నాను. కొంతకాలానికి తమ్ముడు వచ్చి, "అన్నకొచ్చింది, నాకు రానేదు మాస్టారూ" అన్నాడు. అర్జీ చదివిన గుమాస్తా, అన్నగారి తోటకు పరిహారమిమ్మని తమ్ముడు కూడా కోరుతున్నాడని గ్రహించాడట. ఒకే తోట, ఒకే పరిహారం! తప్పు ఆయనది కాదు, నా కలానిది. ఆ వాక్యాన్ని పూరించడానికి రెండు దారులున్నాయి. "నేను కూడా నా తోటకు కోరుతున్నాను" అన్నది ఒకటి. "నేను కూడా ఆయన తోటకు కోరుతున్నాను" అన్నది మరొకటి. నేను మొదటిది తలచాను, ఆయన రెండవది చదివాడు.

ఇక్కడ విచిత్రమేమిటంటే, ఈ రెండు పూరణలలో ఏదీ ముందున్న మాటల నకలు కాదు. నకలే అయితే "నేను తన తోటకు కోరుతున్నారు" అని రావాలి. అది తెలుగే కాదు. మొదటి పూరణలో "తన" పోయి "నా" వచ్చింది. రెండింటిలోనూ "కోరుతున్నారు" పోయి "కోరుతున్నాను" వచ్చింది. మరి వాక్యంలో లోపించినది మాటలా, అర్థమా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మీమాంసకులు దీనిపై తరతరాలు వాదించారు. ఎవరైనా "ద్వారమ్" అని ఊరకున్నప్పుడు, "తలుపు మూయుము" అని మనం గ్రహిస్తాము. కుమారిల భట్టు సంప్రదాయంవారు శ్రోత మనస్సులో "మూయుము" అనే శబ్దమే అధ్యాహృతమౌతుందన్నారు. ప్రభాకరుని అనుయాయులు శబ్దంతో పనిలేదు, అర్థం తోస్తే చాలునన్నారు. మొదటిది శబ్దాధ్యాహారం, రెండవది అర్థాధ్యాహారం. నేటి పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులలోనూ ఇవే రెండు పక్షాలు. 2001లో జేసన్ మర్చంట్ మౌనంలోనూ పూర్తి వాక్యనిర్మాణం ఉంటుందని ప్రతిపాదించగా, 2005లో కలికోవర్, జాకెండాఫ్ అర్థం చాలునని, కనబడని నిర్మాణాన్ని ఊహించనక్కరలేదని వాదించారు.

బడిలో మనం పిల్లలకు చెప్పేది ప్రభాకర మతమే. "అర్థమౌతుంది కనుక క్రియను విడిచిపెట్టారు" అని చెప్పి ముందుకు పోతాము. నేనూ ముప్పది ఏండ్లకు పైగా అట్లే చెప్పాను. అది చాలదని నేడు నా అభిప్రాయం. అందుకు సాక్ష్యం మన విభక్తులే ఇస్తున్నాయి.

ఈ మాటలు వినండి: "మనుమడు బడిలో ఎవరినో కొట్టాడు. ఎవరినో తెలియదు." రెండవ వాక్యంలో ఆ "ని" ఎక్కడిది? "తెలియదు" అనే క్రియ అక్కడ ద్వితీయా విభక్తిని కోరదు. "కొట్టు" కోరుతుంది, కాని కొట్టడం ఆ వాక్యంలో వినబడదే! మరొకటి: "అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతోంది. ఎవరితోనో తెలియదు." ఇక్కడ "తో" వచ్చింది, ఎందుకంటే "మాట్లాడు" తృతీయను కోరుతుంది. ఈ విభక్తులను తారుమారు చేసి, "ఎవరినో కొట్టాడు, ఎవరితోనో తెలియదు" అంటే ఏ పల్లెటూరి ముసలమ్మయైనా నవ్వుతుంది. కొట్టిన సంగతి మనకు అర్థమైతే చాలుననుకొంటే, ఆ అర్థానికి "ని" అనే ప్రత్యయంతో నిమిత్తం లేదు. ప్రత్యయాన్ని శాసించేది క్రియాపదమే. శాసనం అమలౌతున్నది గనుక శాసించేవాడు తెర వెనుక ఉన్నట్లే.

చివరనున్న "ఓ" కూడా ఇదే చెబుతుంది. మొదటి వాక్యంలోని "ఓ" అనిశ్చయార్థకం. రెండవది సందేహార్థకం, దాని సహజస్థానం వాక్యాంతమందలి క్రియ. లోపించిన క్రియను తిరిగి చేర్చి చూడండి: "ఎవరిని కొట్టాడో తెలియదు." "ఓ" వెంటనే "ఎవరినో"ను విడిచి క్రియను చేరింది. క్రియ తొలగినప్పుడు, ఇల్లు కూలినవాడు పొరుగింటి అరుగెక్కినట్లు, మిగిలిన పదాన్ని ఆశ్రయించింది. ప్రశ్నార్థక పదం మాత్రమే మిగిలే ఈ రకపు లోపాన్ని 1969లో జాన్ రాబర్ట్ రాస్ అనే అమెరికా పండితుడు గుర్తించి "స్లూసింగ్" అని పేరుపెట్టాడు. జర్మను భాషలోని విభక్తులతో ఆయన చూపిన ఉపపత్తి కూడా ఇటువంటిదే.

అయితే ఈ పరీక్షకు హద్దు ఉంది. "ఎవరినో కొట్టాడు, అది ఎవరో తెలియదు" అని కూడా మనం అంటాము. అక్కడ "ని" లేదు. అది క్రియ అవసరం లేని నామవాక్యం, "అతడు ఎవరు" వంటిది. అందులో "కొట్టాడు" దాగి ఉందని చెప్పనక్కరలేదు. "ఎవరో వచ్చారు, ఎవరో తెలియదు" అన్నప్పుడు రెండు చోట్లా ప్రథమయే గనుక ఏ నిర్మాణమో తేల్చలేము. ప్రథమేతర విభక్తి మిగిలినచోటనే సాక్ష్యం నమ్మదగినది.

అంతమాత్రాన భట్టపక్షమే పూర్తిగా గెలిచిందనను. "మా అన్న కొబ్బరికాయలూ, నేను జీడిగింజలూ తెచ్చాము" అంటాము. ఇంగ్లీషులో క్రియ మొదటి భాగంలో నిలిచి రెండవ దానిలో లోపిస్తుంది. క్రియాంతమైన మన వాక్యంలో అది చివర నిలిచి, ముందుభాగంలో లోపించడం పరిపాటి. కాని నిలిచిన "తెచ్చాము" ఎవరిది? అన్నకు "తెచ్చాడు" కావాలి, నాకు "తెచ్చాను" కావాలి. "తెచ్చాము" ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కాదు, ఉమ్మడిది. ఒక క్రియను చెరిపివేసి దాని జంటను ఉంచామనే లెక్క ఇక్కడ కుదరదు. రెండు భాగాలూ కలిసి ఒకే క్రియను పంచుకొన్నాయనాలి.

కనుక నాకు తోచిన సిద్ధాంతమిది. మౌనంలో దాగినది చెవికి వినబడే శబ్దరూపం కాదు, కేవలార్థమూ కాదు. ఏ పదానికి ఏ విభక్తి, ఏది కర్త, ఏది కర్మ అనే వాక్యపు కట్టు దాగి ఉంటుంది. పురుష, వచన ప్రత్యయాలు మాత్రం స్థలాన్నిబట్టి మారుతాయి. "తన" అనేది కూడా అట్టిదే. ఆ సర్వనామం ముడి కొత్త కర్తకు వేయాలా, పాత కర్తకే ఉంచాలా అన్నది కట్టు ఒక్కటే తేల్చదు, సందర్భం తేల్చాలి. సాధారణంగా "తన" కొత్త కర్తనే పట్టుకొంటుందని నా చెవి నమ్మకం. కాని గుమాస్తా ఎదుట ఉన్నది రెండు పేర్లతో ఒకే అర్జీ. ఆ సందర్భం ముడిని అటు లాగింది.

తరువాత తమ్మునికి వేరే అర్జీ వ్రాశాను: "నేను నా కొబ్బరితోటకు పరిహారం కోరుతున్నాను." కూడా లేదు, తన లేదు, లోపమేదీ లేదు. అందమూ లేదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడు "ఎవరి తోట?" అని అడుగుతాడు గనుక లోపం శోభిస్తుంది. కాగితం అడగదు. తెలుగు ఉపాధ్యాయులు పిల్లలచేత లోపవాక్యాలను పూరింపజేసేటప్పుడు ఒక్క పూరణతో ఆగక, "ఇంకొక విధంగా పూరించవచ్చునా?" అని అడగాలని నా మనవి. ఆ ప్రశ్న నేను నన్ను అడుగుకొని ఉంటే, ఆ తమ్ముడు మా ఇంటికి రెండవసారి నడిచి రావలసిన పని ఉండేది కాదు.