పాత గోడకు కొత్త ఖరీదు ఎందుకు రాదు?

2021 నవంబరు మూడో వారంలో కురిసిన వానకు స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు దగ్గర ఏటిగట్టు కోసుకుపోయింది. ఒడ్డునున్న ఇల్లు కళ్లముందే ఏట్లోకి ఒరిగిపోయిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. అలాంటి నష్టానికి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ప్రభుత్వ సాయం. అప్పటి విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన పక్కా ఇంటికి 95,100 రూపాయలు. ఇల్లు కట్టి ఐదేళ్లయిందా, యాభై ఏళ్లయిందా అని అక్కడ ఎవరూ అడగరు. రెండోది బీమా. అక్కడ సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇంటి వయసు ఒకటి.

ఇంటివారికి ఇక్కడే మనసు కష్టపడుతుంది. తిరుపతిలో స్థలం ధర తెలిసినవాళ్లు 'మార్కెట్ విలువ' అనే మాట వినగానే రిజిస్ట్రేషన్ కాగితాల్లోని విలువ అనుకుంటారు. బీమాలో ఆ మాటకు అర్థం వేరు. స్థలం లెక్కలోకే రాదు. అదే కట్టడాన్ని ఈరోజు కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చులోంచి, ఇన్నేళ్ల వాడకానికి తరుగుదల తీసేస్తే మిగిలేదే మార్కెట్ విలువ.

లెక్కకు ఒక ఇల్లు తీసుకుందాం. 1981లో కట్టిన వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఇటుక గోడలు, పైన స్లాబు. వరదకు పునాది కింద మట్టి కొట్టుకుపోయి, 200 అడుగుల వెనక గది కూలింది. అడుగుకు 1,800 చొప్పున ఆ గదిని తిరిగి కట్టడానికి 3.6 లక్షలు అవుతుందనుకుందాం. ఇటుక గోడల ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు వేసి, చివరికి పది శాతం శిథిల విలువ మిగులుతుందని పట్టుకోవడం వాడుక. అంటే 60 ఏళ్లలో అరిగేది 90 శాతం. నలభై ఏళ్లకు 60 శాతం. చేతికొచ్చేది 1.44 లక్షలు.

ఈ కోత వెనకున్న సూత్రం న్యాయమైనదేనని నా అభిప్రాయం. బీమా అంటే పోయినదాన్ని పూడ్చడం. పోయింది నలభై ఏళ్లు ఎండకూ వానకూ ఓర్చిన గది. దాని బదులు వచ్చేది మరో అరవై ఏళ్లు నిలిచే గది. ఆ తేడా కూడా పాలసీయే భరించాలంటే, ఆ ప్రీమియం అందరి నెత్తినా పడుతుంది.

తప్పు సూత్రంలో లేదు, దాన్ని ఇంటి మొత్తానికి ఒకే శాతంగా రుద్దడంలో ఉంది. పైన చెప్పిన ఇంటికి 2011లో వెనక గది స్లాబు మొత్తం తీసి కొత్తగా పోశారనుకోండి. 2021 నాటికి ఆ స్లాబు వయసు పదేళ్లే. దాని తరుగుదల 15 శాతం. 3.6 లక్షల్లో స్లాబు వాటా లక్ష అయితే, దానికి 40 వేలు కాదు, 85 వేలు రావాలి. మొత్తం క్లెయిమ్ 1.89 లక్షలకు చేరుతుంది. కమ్మీ కొన్న బిల్లు, మేస్త్రీకి ఇచ్చిన డబ్బుకు రసీదు ఉంటే ఈ 45 వేలు నిలబడతాయి. లేకపోతే సర్వేయర్ కట్టిన సంవత్సరమే చూస్తాడు.

ఇంకో మాట. గోడ నిలిచే ఉండి బీట వారితే, ఆ బీటను పూడ్చి పూత పూసినంత మాత్రాన గోడ ఆయుష్షు పెరగదు. యజమానికి కొత్తగా ఒరిగిందేమీ లేనప్పుడు ఆ మరమ్మతు కూలి మీద 60 శాతం కోయడానికి ఆధారం ఏమిటి? తరుగుదల తీసేది కొత్తదనం వల్ల వచ్చే అదనపు లాభానికి. ఆ లాభం లేనిచోట కోత కూడా ఉండకూడదు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో నేటికీ ఉన్న మద్దిదూలాల మిద్దెలకైతే 60 ఏళ్ల పట్టిక అసలు సరిపోదు. ఎనభై ఏళ్లు దాటినా దూలం చెదపట్టకుండా గట్టిగా ఉంటే, పట్టిక దాన్ని చచ్చిన కట్టె అన్నా వడ్రంగి ఒప్పుకోడు. అక్కడ వయసుతో పాటు స్థితిని చూడాల్సిందే. దూలం గోడలోకి దిగిన చోట సుత్తితో కొట్టి చూస్తే లోపల పుచ్చిందో లేదో చప్పుడే చాలావరకు చెబుతుంది.

ఈ కోత వద్దనుకునేవారికి దారి ముందే ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి కట్టడానికి బీమా మొత్తాన్ని నిర్మాణ వ్యయం ప్రకారమే కడతారు. మార్కెట్ విలువ మీద తీసుకున్న పాలసీతో కొత్త ఇంటి ఖర్చు అడిగితే మాత్రం రాదు.

మీ ఇంటి పాలసీలో ఏ విలువ రాసి ఉందో ఈ వారంలోనే తీసి చూడండి. క్లెయిమ్ దాకా వస్తే తరుగుదలను పునాదికి, గోడకు, కప్పుకు విడివిడిగా లెక్కవేసి చూపమని సర్వేయర్‌ను రాతపూర్వకంగా అడగండి.