మొదటి మాత్రకు ముందే కల్చర్: కాలి పుండు ఉన్న షుగర్ వాళ్ళకు విజ్ఞప్తి

వీరులపాడు మండలంలోనూ, నందిగామ, జగ్గయ్యపేట వైపు ఊళ్ళలోనూ షుగర్ ఉండి కాలికి పుండు పడ్డవాళ్ళకు, వాళ్ళను చూసుకునే ఇంటివాళ్ళకు ఒక ఫార్మసిస్టుగా ఈ విజ్ఞప్తి రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. పుండుకు చీము పట్టిందని, చుట్టూ ఎర్రబడి వాచిందని తెలిశాక యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే ఆ పుండు లోపలినుంచి నమూనా తీయించి కల్చర్ పరీక్షకు పంపండి. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతోంది. ముందు ఊళ్ళోనే ఏదో ఒక మాత్ర, తగ్గకపోతే ఇంకో రంగు మాత్ర, ఆ తర్వాత ఇంజెక్షన్లు, అన్నీ అయ్యాక వేలు నల్లబడితే విజయవాడ, అక్కడ కల్చర్. అప్పటికి ఆ పరీక్ష చెప్పగలిగేది సగం పోయి ఉంటుంది. మీకు తోచిన మాత్ర ఇవ్వమని మా కౌంటర్ దగ్గర అడిగినప్పుడు మేం వెనకాడితే అది బేరం కోసం కాదని, దానికి కారణం ఉందని చెప్పడానికే ఇదంతా.

మామూలు మనిషి కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే అందులో ఉండేది చాలావరకు చర్మం మీద బతికే స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా. డాక్టరు పరీక్ష లేకుండా అంచనాతో మందు రాసినా ఎక్కువసార్లు సరిపోతుంది. షుగర్ కాలి సంగతి వేరు. నరాలు మొద్దుబారడంతో పత్తి మోడు గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. పుండు రోజుల తరబడి తెరుచుకుని తడిమట్టిలో, నీళ్ళలో నానుతుంది. రక్తప్రసారం తగ్గిన చోట చచ్చిన కండ పేరుకుంటుంది. అలాంటి పుండులోకి ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ జాతులూ చేరతాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 80 మంది షుగర్ పుండు రోగులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో గ్రామ్ నెగటివ్ జాతులే సగానికి కాస్త పైన తేలాయి. సగటున ఒక్కో పుండులో రెండుకు మించి జాతులు కనిపించాయి. వాళ్ళలో 72 శాతం మందిలో ఉన్నది పలు మందులకు లొంగని బ్యాక్టీరియా. అది పెద్దాసుపత్రికి చేరిన రోగుల లెక్క కాబట్టి మన ఊళ్ళలో శాతం అంతే ఉంటుందని నేననను. కానీ వాళ్ళలో చాలామంది కూడా ముందు ఎక్కడో మాత్రలు వాడి వచ్చినవాళ్ళేనన్నది ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు షాపులో ఎక్కువగా అడిగే మాత్రల సంగతి చూడండి. సెఫిక్సిమ్ స్టాఫిలోకాకస్ మీద బలహీనం, సూడోమోనాస్ మీద అసలు పనిచేయదు. అమాక్సిసిలిన్ క్లావులనేట్ స్టాఫ్ మీద, చాలా జాతుల మీద మంచి మందే కానీ సూడోమోనాస్‌ను తాకలేదు. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఉంటే అదీ పనికిరాదు. అలాంటి స్టాఫ్ మీద వాడే లినెజోలిడ్‌కు గ్రామ్ నెగటివ్ జాతుల మీద పని లేదు. అంటే అన్నింటినీ పట్టే ఒక్క మాత్ర లేదు. ఏది పనిచేస్తుందన్నది మాత్ర ఖరీదును బట్టో, కొత్తదనాన్ని బట్టో తేలదు, ఆ పుండులో ఉన్న బ్యాక్టీరియా ఏదన్నదాన్ని బట్టి తేలుతుంది. పక్కింటాయనకు తగ్గిన మాత్ర మీకు తగ్గించకపోవడానికి కారణం ఇదే.

కల్చర్ చేసే పని ఆ బ్యాక్టీరియాను పెంచి, పేరు పట్టి, ఏ మందుకు చస్తుందో చూపడం. నమూనాను పోషకాలున్న పళ్ళెంలో వేసి శరీర ఉష్ణోగ్రత దగ్గర రాత్రంతా ఉంచుతారు. మర్నాటికి మొలిచిన జాతిని వేరుచేసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళల మధ్య మళ్ళీ పెంచుతారు. ఏ బిళ్ళ చుట్టూ తగినంత వెడల్పున ఏమీ మొలవలేదో ఆ మందుకు అది లొంగినట్టు. మొత్తం 2, 3 రోజుల పని. ఈ పరీక్ష బతికున్న బ్యాక్టీరియా మీదే ఆధారపడుతుంది. రెండు రోజులు మాత్రలు మింగి వస్తే మందుకు లొంగే జాతులు సగం చచ్చి, పళ్ళెంలో మొలవకపోవచ్చు. పుండు లోతుల్లో, ఎముక దగ్గర మాత్రం అవి మిగిలే ఉంటాయి. రిపోర్టులో 'గ్రోత్ లేదు' అని వస్తుంది, మనిషి సంతోషపడతాడు, కాలు మాత్రం చెడుతూనే ఉంటుంది. లేదా మందుకు లొంగని ఒక్క జాతే మొలిచి, అసలు కారకం కనపడకుండా పోతుంది. అందుకే వరస మార్చమని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

నమూనా ఎలా తీశారన్నది కూడా పరీక్షంత ముఖ్యం. కట్టు విప్పి పైన ఉన్న చీములో దూది పుల్ల ముంచి పంపితే పైపైన తిరిగే జాతులన్నీ రిపోర్టులోకి ఎక్కుతాయి, వాటన్నింటికీ మందులు రాస్తే ఒంటికి నష్టమే. సెలైన్‌తో కడిగి, చచ్చిన కండ తీసేసి, అడుగున బతికున్న కండ నుంచి చిన్న ముక్క గీరి తీయడం సరైన పద్ధతి. షుగర్ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. 'దూది పుల్లతో కాకుండా లోపలి ముక్క తీస్తారా' అని డాక్టరును అడగడం తప్పేమీ కాదు. తీసిన ముక్క సుమారు 2 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. అంతకంటే ఆలస్యమయ్యే చోట ట్రాన్స్‌పోర్ట్ మీడియం ఉన్న సీసా కావాలి. వీరులపాడులో తీయించి మధ్యాహ్నపు ఎండలో జేబులో పెట్టుకుని విజయవాడ బస్సెక్కితే ఆ ముక్క వృథా. ల్యాబ్ ఉన్న చోటే తీయించుకోవడం మేలు. సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్నదే.

ఇదంతా ఒక మనిషి విషయంలో ఎలా సాగుతుందో ఊహించి చూద్దాం. యాభై దాటిన రైతు, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. బొటనవేలి కింద పుండు, చుట్టూ మూడు సెంటీమీటర్ల మేర ఎరుపు, దుర్వాసన. జ్వరం లేదు. ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటింది కాబట్టి డాక్టర్ల లెక్కలో ఇది మధ్యస్థ స్థాయి ఇన్ఫెక్షన్. ముక్క తీసి పంపి, అదే రోజు డాక్టరు అంచనాతో ఒక మందు మొదలుపెట్టాడు. మూడో రోజు రిపోర్టు వచ్చింది: సూడోమోనాస్, దాంతోపాటు మామూలు మందులకు లొంగే స్టాఫ్. సూడోమోనాస్ కింద అమాక్సిసిలిన్ క్లావులనేట్ పేరే లేదు. ల్యాబ్ మరిచిపోయిందని అనుకుంటారు గానీ, అది సహజంగానే లొంగని జాతి కాబట్టి పరీక్షించరు. సిప్రోఫ్లోక్సాసిన్‌కు మాత్రం లొంగింది. దాన్ని స్టాఫ్ కోసం సెఫలెక్సిన్‌తో కలిపి రాశారు. ఇక్కడ మా పని మొదలవుతుంది. సిప్రోఫ్లోక్సాసిన్ గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఈ జాతి మందులన్నింటి మీదా 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికను బలపరిచింది. ఇదే కుటుంబంలోని గాటిఫ్లోక్సాసిన్ మాత్రలను, ఇంజెక్షన్లను మన దేశంలో 2011లోనే నిషేధించారు. అందుకని ఆ రోజుల్లో షుగర్ తరచూ చూసుకోవాలి, చెమటలు, వణుకు వస్తే పరీక్ష కోసం ఆగకుండా పంచదార నీళ్ళు తాగాలి. పాలు, కాల్షియం, ఐరన్, గ్యాస్ మందులతో కలిపి మింగితే మందు ఒంటికి పట్టదు. క్రియాటినిన్ ఎక్కువుంటే మోతాదు మార్చాలి. అదే రిపోర్టులో సిప్రోఫ్లోక్సాసిన్‌కు లొంగదని వచ్చి ఉంటే సూడోమోనాస్ మీద వాడదగ్గ మాత్ర దాదాపు మిగలదు, ఇంజెక్షన్ల కోసం ఆసుపత్రిలో చేరాల్సిందే. ఆ సంగతి మూడో రోజున తెలియడానికీ, మూడు వారాలు మాత్రలు మార్చి మార్చి వాడాక తెలియడానికీ మధ్య వేలు మిగలడం, పోవడం ఉంటుంది.

మూడు రోజులు మందు లేకుండా ఎలా అని అడుగుతారు. ఉండమని ఎవరూ అనడం లేదు. పై ఉదాహరణలో నమూనా తీసిన రోజే మందు పడింది, రిపోర్టు వచ్చాక మార్చారు. జ్వరం, వణుకు, ఆయాసం, నాడి నిమిషానికి 90 దాటడం, ఎరుపు కాలి పైకి పాకడం ఉంటే రిపోర్టు కోసం ఒక్క పూట కూడా ఆగకూడదు. అది అత్యవసరం. ఖర్చు మాట కూడా నిజమే. కానీ ఒక్క పరీక్ష ఖర్చును నాలుగు రకాల తప్పు మాత్రలతో, పోయిన కూలి రోజులతో పోల్చండి.

ఇంకో అభ్యంతరానికి బలం ఉంది. ఎరుపు రెండు సెంటీమీటర్లలోపు ఉన్న చిన్న ఇన్ఫెక్షన్‌కు, ఈమధ్య యాంటీబయాటిక్ వాడనివారికి కల్చర్ లేకుండానే మందు రాయవచ్చని చాలామంది నిపుణులు ఒప్పుకుంటారు. నేనూ కాదనను. ఆ షరతు మాత్రం గమనించండి: ఈమధ్య ఏ యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. ఆర్‌ఎంపీ దగ్గరో, ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పుతోనో ఒక కోర్సు అయిపోయాక మా దగ్గరికి వచ్చేవాళ్ళకు ఆ మినహాయింపు వర్తించదు. మరో వైపు, ఎరుపు, వాపు, వేడి, నొప్పి, చీము వీటిలో రెండైనా లేని పుండు ఉట్టి పుండే. దానికి కల్చరూ వద్దు, యాంటీబయాటికూ వద్దు. శుభ్రమైన కట్టు, బరువు మోపకుండా ఉండడం, షుగర్ అదుపు కావాలి.

చేతిలో రిపోర్టు ఉన్నా 'లొంగుతుంది' అని రాసిన మందును మీరే ఎంచుకుని అడగకండి. అమికాసిన్‌కు లొంగుతుందని చాలా రిపోర్టుల్లో ఉంటుంది గానీ, అది చీములోకి సరిగా దిగదు, షుగర్‌తో ఇప్పటికే అలసిన కిడ్నీలను ఇంకా దెబ్బతీయవచ్చు. ఇక చట్టం సంగతి. సెఫిక్సిమ్ వంటి మూడో తరం సెఫలోస్పోరిన్ మందులు 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతిసారీ పేషెంటు, డాక్టరు పేర్లు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. మేం చీటీ అడిగితే కోపం తెచ్చుకోవద్దు.

మంచి మందు రాసినా చచ్చిన కండ తీయకపోతే, రక్తప్రసారం చూడకపోతే, పుండు అడుగున పుల్లకు ఎముక తగిలితే దాన్ని ఎముక ఇన్ఫెక్షన్‌గా అనుమానించకపోతే కాలు మానదు. ఎముకకు పాకి, దాన్ని తీయకుండా మందుతోనే నయం చేయాలంటే ఆరు వారాలు పడుతుంది. కండ వరకే ఉంటే సాధారణంగా ఒకటి, రెండు వారాలు చాలు. మా దగ్గరికి వచ్చేటప్పుడు కల్చర్ రిపోర్టుతోపాటు ఈ మూడు నెలల్లో వాడిన ఖాళీ స్ట్రిప్పులు, షుగర్ మాత్రల చీటీ, చివరి క్రియాటినిన్ కాగితం తెచ్చుకోండి.