గది తెచ్చిన తంటా

మొన్న కైకలూరు నుంచి మా బావగారు బిల్లు పట్టుకుని తాడేపల్లిగూడెం వచ్చారు. ఏలూరులో హెర్నియా ఆపరేషనుకు 1,24,000 రూపాయలైతే బీమా కంపెనీ 64,800 ఇచ్చిందట.

"మూడు లక్షల పాలసీ గదయ్యా, తక్కినది ఎవరు మింగారు?" అన్నారు.

కాగితాలు తిరగేశాను. పాలసీకి మూడేళ్లు నిండాయి. హెర్నియాకు పెట్టిన రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ దాటింది. అక్కడ పేచీ లేదు. చిక్కంతా గదిలోనే ఉంది. గది అద్దెకు సబ్-లిమిట్ రోజుకు 3,000. బావగారు 6,000 గదిలో నాలుగు రోజులున్నారు. (మా అక్కయ్య పట్టుదల లెండి.) అద్దె 24,000లో సగం పోయింది సరే, కోత అక్కడితో ఆగలేదు. అర్హత సగం గదికే గనుక డాక్టరు ఫీజు, థియేటరు ఛార్జీలు కలిసిన 80,000లోనూ సగమే లెక్కకు తీసుకున్నారు. మందుల 20,000కు ఈ కోత వర్తించదు. వెరసి 72,000. అందులో నూటికి పది కో-పేమెంటు, అంటే 7,200, బావగారి వాటా.

"గదినిబట్టి ఆ ఆస్పత్రిలో డాక్టరు ఫీజు మారుతుందా?" అని అడిగాను.

"అందరికీ ఒకటే అన్నారే!"

అలాగైతే ఆ ఫీజులో కోత పెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. ఆ మాట ఆస్పత్రివారిచేత కాగితం మీద రాయించి, కంపెనీకి ఫిర్యాదు పంపమన్నాను. బావగారు కాఫీ కూడా తాగకుండా ఏలూరు బస్సెక్కారు.