‘accounts1’ అంటే ఎవరండీ?

"అన్నా, ఈఆర్‌పీ పాస్‌వర్డ్ ఒకసారి వాట్సాప్ చెయ్యవా, రెండు ఇన్‌వాయిస్‌లు పెండింగ్ ఉన్నాయి!"

ఉద్యోగం చేసేవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువే. అడిగినవాళ్లకి దురుద్దేశం ఉండదు, ఇచ్చినవాళ్లకీ ఉండదు. పని ఆగకూడదు, అంతే. కానీ ఈఆర్‌పీ అంటే కంపెనీ కొనుగోళ్లు, స్టాకు, జీతాలు, చెల్లింపులు అన్నీ నడిచే సాఫ్ట్‌వేర్. అందులో ఒకే ఐడీని నలుగురు వాడితే ఏం జరుగుతుందో ఓ ఉదాహరణతో చూద్దాం.

మందులు పంపిణీ చేసే ఓ మధ్యతరహా కంపెనీ అనుకోండి. అకౌంట్స్ సెక్షన్‌లో నలుగురున్నారు, అందరికీ కలిపి ఒకటే ఐడీ: accounts1. సరుకు సప్లై చేసేవాళ్ల బ్యాంకు వివరాలు మార్చాలంటే ఈ ఐడీతో ఎంట్రీ వెయ్యాలి. ఆ మార్పుని ఫైనాన్స్ మేనేజర్ తన ఐడీ fin_mgr తో ఓకే చెయ్యాలి. ఒకరు రాయాలి, ఇంకొకరు సరిచూడాలి. రూల్ బాగానే ఉంది. అయితే మేనేజర్ తరచూ టూర్లలో ఉంటారు కాబట్టి ఆయన పాస్‌వర్డ్ కూడా సెక్షన్‌లో అందరికీ తెలుసు.

ఓ సప్లయర్ ఫోన్ చేసి "మా డబ్బులు ఇంకా రాలేదు సార్" అన్నాడు. ఈఆర్‌పీ లాగ్ తీస్తే ఇలా కనిపించింది:

```
2025-06-14 18:42 accounts1 VENDOR_BANK_CHANGE
2025-06-14 18:47 fin_mgr   APPROVE
2025-06-16 11:05 accounts1 PAYMENT_RELEASE
```

శనివారం సాయంత్రం ఎవరో బ్యాంకు ఖాతా నంబరు మార్చారు. ఐదు నిమిషాల్లో ఓకే అయిపోయింది. సోమవారం డబ్బు వెళ్లిపోయింది. శనివారం ఆ టైమ్‌కి మేనేజర్ రైల్లో ఉన్నారు, ల్యాప్‌టాప్ తెరవనే లేదు. మరి ఓకే చేసిందెవరు? నలుగురిలో ఒకరా? రెండు నెలల కిందట మానేసిన ఐదో మనిషా? ఆయన వెళ్లాక పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు మరి. లాగ్ అబద్ధం చెప్పట్లేదు. కానీ దానికి ఐడీ తెలుసు, మనిషి తెలీదు.

చట్టం సంగతి కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎడిట్ లాగ్‌లో నమోదవ్వాలి, ఆ లాగ్‌ని ఆపేసే వీలు ఉండకూడదు. మన ఉదాహరణలోని కంపెనీ లాగ్ పక్కాగానే రాసింది. పేరు దగ్గరే accounts1 అని ఉంది!

ఇక్కడే సింగిల్ సైన్ ఆన్, అంటే ఎస్ఎస్ఓ, పనికొస్తుంది. మీరు ఈఆర్‌పీ తెరిస్తే అది పాస్‌వర్డ్ అడగదు. మిమ్మల్ని కంపెనీ లాగిన్ పేజీకి పంపిస్తుంది. మైక్రోసాఫ్టో, గూగులో, ఆఫీసు మెయిల్ దేనిమీద నడుస్తుంటే సాధారణంగా దాని పేజీయే. అక్కడ మీరెవరో రుజువయ్యాక, డిజిటల్ సంతకం చేసిన ఓ చిన్న చీటీ ఈఆర్‌పీకి చేరుతుంది: "ఈ మనిషి ఫలానా, ఇప్పుడే సరిచూశాం" అని. ఈఆర్‌పీ ఆ సంతకం అసలుదేనా అని చూసి లోపలికి రానిస్తుంది. మీ పాస్‌వర్డ్ ఈఆర్‌పీ దాకా పోనే పోదు.

దీంతో రెండు మార్పులొస్తాయి. ఒకటి, ఎవరైనా ఉద్యోగం మానేస్తే హెచ్ఆర్ చెప్పగానే ఒక్క ఖాతా ఆపితే చాలు, మెయిల్‌తో పాటు ఈఆర్‌పీలోకి కొత్తగా లాగిన్ అయ్యే దారి కూడా మూసుకుపోతుంది. రెండోది మనుషుల స్వభావానికి సంబంధించింది. accounts1 పాస్‌వర్డ్ ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు, పోయేదేమీ లేదు కదా. కానీ ఎస్ఎస్ఓలో పాస్‌వర్డ్ ఇచ్చారంటే మీ మెయిల్, మీ చాట్‌లు, మీ పేస్లిప్ అన్నీ ఇచ్చినట్టే. అప్పుడు ఎంత దోస్తు అడిగినా చెయ్యి ఆగుతుంది.

చెయ్యి ఆగకపోతే? పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే? దానికే రెండో తాళం, ఎంఎఫ్ఏ. పాస్‌వర్డ్ కొట్టాక మీ ఫోన్‌లోని యాప్‌లో కోడ్ చూసి ఎంటర్ చెయ్యాలి. ఈ యాప్‌లలో ఆరంకెల కోడ్ సాధారణంగా ప్రతి 30 సెకన్లకీ మారిపోతుంది. అంటే పాస్‌వర్డ్ వాట్సాప్‌లో ఎంత తిరిగినా ఫోన్ మీ జేబులోనే ఉంటుంది.

కొన్ని యాప్‌లు కోడ్ బదులు "ఓకే" నొక్కమని నోటిఫికేషన్ పంపుతాయి. ఇందులో ఓ ప్రమాదం ఉంది. 2022 సెప్టెంబర్‌లో ఉబర్ మీద దాడి చేసినవాడి దగ్గర ఓ కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ ఉంది. లాగిన్ రిక్వెస్టులు మళ్లీ మళ్లీ పంపాడు. చివరికి ఆ కాంట్రాక్టర్ ఒకదాన్ని ఓకే చేశాడు, దాడి చేసినవాడు లోపలికి వచ్చేశాడు. అందుకే లాగిన్ స్క్రీన్ మీద కనిపించే నంబరుని ఫోన్‌లో టైప్ చేయించే పద్ధతి మేలు. స్క్రీన్ ముందు లేనివాళ్లు నంబరు తెలీకుండా ఓకే చెయ్యలేరు.

ఇప్పుడు మన కంపెనీకి వద్దాం. అకౌంట్స్‌లో నలుగురికీ నాలుగు ఐడీలు, అందరికీ ఎస్ఎస్ఓ. మామూలు ఎంట్రీలకి పొద్దున ఒకసారి ఫోన్ కోడ్ చాలు. బ్యాంకు ఖాతా మార్పు, చెల్లింపు ఓకే, ఈ రెండింటికి మాత్రం అప్పటికప్పుడు మళ్లీ అడిగేలా సెట్ చేశారు. మేనేజర్‌కి ఫోన్‌లోంచే ఓకే చేసే వీలిచ్చారు. ఇది చాలా ముఖ్యం. ఆయన పాస్‌వర్డ్ పంచిందే టూర్లో ఉన్నప్పుడు పని ఆగకూడదని. ఆ అవసరం తీర్చకుండా తాళాలు మాత్రమే పెంచితే "సార్, ఓటీపీ చెప్పండి" అనే ఫోన్లు మొదలవుతాయి. రైల్లో ఉన్నా సరే, పాత నంబరు, కొత్త నంబరు తన కళ్లతో చూసి ఆయనే నొక్కాలి.

ఖర్చు మాటేంటి? చాలా ఈఆర్‌పీలకి ఒక్కో యూజర్‌కి లైసెన్స్ డబ్బు కట్టాలి. ఐడీలు పంచుకోవడానికి అసలు కారణం తరచూ ఇదే. నలుగురికి నాలుగు లైసెన్స్‌లంటే ఖర్చు పెరిగే మాట నిజమే. అయితే చూడటానికి, ఓకే చేయడానికి మాత్రమే పనికొచ్చే తక్కువ ధర లైసెన్స్‌లు కొన్నింటిలో ఉంటాయి. ముందు అవి అడగండి.

ఎస్ఎస్ఓ పెట్టాక కూడా ఓ దొడ్డిదారి మిగిలిపోతుంటుంది. ఈఆర్‌పీ పాత లాగిన్ పేజీ అలాగే తెరుచుకుని ఉంటుంది, accounts1 పాత పాస్‌వర్డ్‌తో హాయిగా లోపలికి పోతుంది. దాన్ని మూసేయాలి. అయితే లాగిన్ సర్వీసు పడిపోయిన రోజు బిల్లింగ్ ఆగకుండా ఒకటి రెండు ఎమర్జెన్సీ ఖాతాలు ఉంచుకోవాలి. వాటి పాస్‌వర్డ్ సీల్ చేసిన కవర్లో ఉండాలి, వాడిన ప్రతిసారీ పై అధికారికి అలర్ట్ పోవాలి.

ఇంకో కిటుకు కూడా నడుస్తుంటుంది. సెక్షన్ పేరుతో ఓ మెయిల్ ఐడీ పెట్టి, యాప్ సెటప్ చేసేటప్పుడు వచ్చే క్యూఆర్ కోడ్‌ని నలుగురూ తమ ఫోన్‌లలో స్కాన్ చేసుకుంటారు. అందరి ఫోన్‌లలో అదే కోడ్! ఎంఎఫ్ఏ ఉన్నట్టే ఉంటుంది, పంచుకోవడమూ ఆగదు.

ఇదంతా పెట్టినా, మేనేజర్ చదవకుండా ఓకే నొక్కితే ఏ తాళమూ ఆపలేదు. లాక్ చెయ్యకుండా టీకి వెళ్తే ఆ స్క్రీన్ ముందు ఎవరు కూర్చున్నా మీరే. కానీ ఐడీలు పంచుకుంటున్నారో లేదో పట్టుకోవడం మాత్రం కష్టం కాదు. నెలరోజుల లాగిన్ లిస్టు ఒక పక్క, హాజరు పట్టీ ఇంకో పక్క పెట్టండి. మనిషి సెలవులో ఉన్న రోజు ఆఫీసు కంప్యూటర్‌ నుంచి ఆ ఐడీ లాగిన్ అయితే, ఒకే ఐడీ ఒకే సమయంలో ఆఫీసులోనూ గోడౌన్లోనూ కనిపిస్తే, అడగాల్సిన ప్రశ్న ఏంటో మీకే తెలుస్తుంది.