మీటింగ్‌లో మాట తుంచేస్తుంటే...

పాశమైలారం వైపు ఆటో విడిభాగాలు చేసే ఓ ప్లాంట్‌లో నేను క్వాలిటీ ట్రైనీగా చేరిన కొత్తలో సంగతి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ప్రొడక్షన్ మీటింగ్. ముందురోజు ఎన్ని ముక్కలు తయారయ్యాయి, ఎన్ని రిజెక్ట్ అయ్యాయి, ఎందుకు... పదిహేను నిమిషాల్లో తేలిపోవాలి.

ఆ రోజు 1,200 ముక్కల్లో 42 రిజెక్ట్. అంటే 3.5 శాతం. అన్నింటిలోనూ బోర్ సైజు తక్కువ వచ్చింది, అన్నీ తెల్లవారుజామున 4 గంటల తర్వాతివే. 'కటింగ్ ఇన్సర్ట్ అరిగిపోయినట్టుంది' అని చెప్పబోయాను. పక్కనున్న సీనియర్ ప్రొడక్షన్ ఇంజినీర్ మధ్యలోనే అందుకున్నాడు: "జర ఆగు తమ్మీ, ఇది కాలేజీ ప్రాజెక్ట్ కాదు. లెక్కలు మళ్ళ చూస్కో." అందరూ నవ్వారు. అది మొదటిసారి కాదు, అప్పటికి మూడోసారి.

నేను గొంతు పెంచాను. చేతులు వణుకుతుండగా ఐదు నిమిషాలు వాదించాను. ఏమైంది? ఇన్సర్ట్ సంగతి పక్కకు పోయింది. 'ఈ పిల్లాడికి కోపమెక్కువ' అన్న మాట మిగిలింది.

క్యాంపస్‌లో గ్రూప్ డిస్కషన్‌కు ప్రిపేర్ అయినప్పుడు పక్కవాడి మాటను దాటుకుని మాట్లాడటమే చొరవ అనుకుంటాం. ప్లాంట్‌లో ఆ అలవాటు పనికిరాదు. అక్కడ గెలవాల్సింది వాదన కాదు, సమస్యకు కారణం తేలాలి.

తర్వాత ప్రశాంతంగా ఆలోచిస్తే అర్థమైంది, ఆయన మాటలో రెండున్నాయి. ఒకటి 'లెక్క తప్పు' అనే ఆరోపణ. రెండోది 'నువ్వు కాలేజీ పిల్లాడివి' అనే ఎత్తిపొడుపు. మొదటిదానికి జవాబు ఉంటుంది, రెండోదానికి అవసరం లేదు. అందుకే ఒక వాక్యం తయారుచేసుకున్నాను: "అన్నా, ఏ నంబర్ తప్పో చెప్పండి, ఇప్పుడే చూద్దాం."

మళ్ళీ అలాగే అన్నప్పుడు ఒక్కసారి నెమ్మదిగా ఊపిరి వదిలి, షీట్ ఆయన వైపు తిప్పి, ఆ వాక్యం చెప్పి ఆగాను. ఆ ఆగడమే కష్టం. నిశ్శబ్దాన్ని పూడ్చాలని నోరు ఆరాటపడుతుంది. ఆపుకోవాలి. ఆయన నంబర్ చూపలేకపోతే "సరే, నా పాయింట్ ఒక్క నిమిషంలో పూర్తి చేస్తా" అని కొనసాగించడమే. నిజంగానే తప్పు చూపిస్తే? ఒకసారి చూపించాడు కూడా. రీవర్క్‌కు పంపిన ముక్కల్ని నేను రిజెక్ట్‌లో కలిపేశాను. "అవునన్నా, పదింటికల్లా సరిచేసి అందరికీ పంపిస్తా" అన్నాను, పంపించాను. తప్పు ఒప్పుకుంటే పరువు పోదు, దాన్ని కప్పిపుచ్చబోతే పోతుంది.

ఇంకో విషయం ఆలస్యంగా తెలిసింది. ఇన్సర్ట్‌లు ఎప్పుడు మార్చాలో షెడ్యూల్ రాసేది ఆయనే. నేను 'ఇన్సర్ట్' అన్న ప్రతిసారీ, పై ఆఫీసర్ల ముందు ఆయనకు అది 'నీ తప్పు' అని వినబడుతోంది. దాంతో ఆయన చేసింది న్యాయమైపోదు గానీ, దారి మాత్రం కనబడింది. మీటింగ్‌కు పావుగంట ముందే షీట్ ఆయనకు చూపించడం మొదలుపెట్టాను. క్యాంటీన్‌లో చాయ్ దగ్గర ఒంటరిగా చెప్పాను: "మూడుసార్లు నా మాట మధ్యలోనే ఆగిపోయింది. రిజెక్షన్ కారణం చర్చకే రాలేదు. తప్పుంటే ముందే చెప్పండి, దిద్దుకుంటా. మీటింగ్‌లో మాత్రం మాట పూర్తి కానివ్వండి." ఆయన ఏమీ అనలేదు. అడ్డుపడటం పూర్తిగా ఆగలేదు కానీ, బాగా తగ్గింది.

తగ్గకపోతే? అందుకే డైరీలో తేదీ, అన్న మాట, అక్కడ ఎవరున్నారు, దాని వల్ల ఏ పని ఆగింది... ఈ నాలుగూ రాసుకున్నాను. మేనేజర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే 'ఆయన నన్ను అవమానిస్తున్నాడు' అనడం కన్నా 'ఈ మూడు తేదీల్లో రిజెక్షన్ కారణం చర్చకు రాలేదు' అనడం బలంగా ఉంటుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మేనేజరే నవ్వేవాడైతే ఇది పెద్దగా పనిచేయదు. అప్పుడు హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి, లేదా వేరే డిపార్ట్‌మెంట్ చూసుకోవాలి. అడ్డుకోవడం కులం మీద మాటగానో, అమ్మాయిలపై అసభ్య వ్యాఖ్యగానో మారితే చాయ్ దగ్గర సర్దుకునే విషయం కాదు. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అసభ్య వ్యాఖ్యల విషయమైతే నేరుగా అక్కడికే వెళ్ళండి.

రేపు పటాన్‌చెరులోనో, సంగారెడ్డిలోనో మీ మొదటి మీటింగ్‌కు వెళ్ళేటప్పుడు షీట్‌తో పాటు ఆ ఒక్క వాక్యాన్నీ వెంట తీసుకెళ్ళండి: "ఏ నంబర్ తప్పో చెప్పండి."